గ్రాఫిక్ కార్డులు వద్దన్నా!

హనుమకొండలో కింద టిఫిన్ సెంటర్, పైన గేమింగ్ కేఫ్. ఒకే గదిలో పది కంప్యూటర్లు, గంటకు యాభై రూపాయలు. సాయంత్రం నాలుగు దాటిందంటే ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు మెట్ల మీద బారులు తీరతారు. లాక్‌డౌన్ సడలాక 2020లో కొన్న ఆ మెషీన్లన్నీ ఒకే అచ్చు: ఇంటెల్ ఐ5-9400ఎఫ్ ప్రాసెసర్, హెచ్310 మదర్‌బోర్డు, ఎనిమిది జీబీ ర్యామ్ కడ్డీ ఒకటి, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్ కార్డు, ఒక టీబీ హార్డ్ డిస్కు. అప్పట్లో మంచి సెట్టే. ఇప్పుడు పిల్లలు కూర్చోగానే మూతి ముడుస్తున్నారు.

యజమాని దగ్గర ఉన్నది అరవై వేలు. అంటే మెషీన్‌కు ఆరు వేలు. సికింద్రాబాద్ సీటీసీలో తాను ఎప్పుడూ సరుకు తెప్పించుకునే డీలర్‌కు ఫోన్ చేస్తే ఆయన తడుముకోకుండా గ్రాఫిక్ కార్డులు మార్చేయమన్నాడు, పాతవి తీసుకుని ఎక్స్ఛేంజ్ ఇస్తానన్నాడు. యజమాని సరేననలేదు, కాదనలేదు. వారం ఆగి నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. ఫోన్లో అనుకున్నది బిల్లులోకి వచ్చేసరికి ఇంకోటవుతోందని, అందుకే ఈసారి కాగితం మీద పెడుతున్నానని చివర్లో కారణం కూడా చెప్పుకున్నాడు.

ఉత్తరం మొదలవడమే ఇలా: "అన్నా, నమస్తే. గ్రాఫిక్ కార్డులు ఇప్పుడు వద్దు. కార్డు చిన్నదని ఇక్కడ ఎవడూ లేచిపోతలేడు. ఎందుకు లేచిపోతున్నరో ఒక వారం రాయించిన, చూడు."

రాసింది కౌంటర్ దగ్గర కూర్చునే కుర్రాడు. పాత నోటుబుక్కులో గీతలు కొట్టి, ఎవరు ఏ మెషీన్ మీద ఏమని పిలిచారో వాళ్ల మాటల్లోనే దింపాడు. 'ఇంకా ఓపెన్ అయితలేదు'. 'మ్యాచ్ మధ్యల అతుక్కపోయింది'. 'దానంతట అదే బందయింది'. 'పింగ్ ఎక్కుతుంది'. వారం తర్వాత లెక్కేస్తే సగానికి పైగా మొదటి రకం ఫిర్యాదే. రెండో స్థానం అతుక్కుపోవడానిది. బొమ్మ బాగా లేదన్నవాడు వారం మొత్తంలో ఒక్కడు. వాడు కూడా కొత్తగా వచ్చిన పెద్ద గేమ్ ఒకటి పెట్టమని అడిగినవాడే.

ఇక్కడ కేఫ్‌కూ ఇంటికీ తేడా ఉంది. ఇంట్లో ఒక్కడు ఒక్క మెషీన్ కొనుక్కున్నప్పుడు తనకు నచ్చిన గేమ్ ఎంత అందంగా కనిపిస్తుందో చూసుకుంటాడు. కేఫ్‌లో ఆడేవి నాలుగైదు గేములే: వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2, జీటీఏ 5, ఫుట్‌బాల్. వీటిలో వాలరెంట్ అయితే, సెట్టింగులు తగ్గించుకుంటే 1650 మీద కూడా సెకనుకు నూరు ఫ్రేములు సులువుగా దాటుతుంది. పైగా తేడా కంటికి తెలిసే కార్డు పెట్టాలంటే చాలావరకు వాటికి విడిగా పవర్ వైరు కావాలి, 450 వాట్ల పాత ఎస్‌ఎంపీఎస్ దాన్ని మోస్తుందో లేదో అనుమానం. ఒకటి మారిస్తే ఇంకోటి మార్చాలి. అరవై వేలకు అలాంటి కార్డులు మూడో నాలుగో వస్తాయి, మిగిలిన ఆరేడు మెషీన్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

అందుకే ఉత్తరంలో మొదటి వరుస హార్డ్ డిస్కుది.

పది మెషీన్లకూ ఒకేసారి ఆర్డరిచ్చే ముందు యజమాని ఆరో నంబరు మెషీన్‌ను ప్రయోగానికి పక్కన పెట్టాడు. పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి వాలరెంట్ మొదటి తెర వచ్చేదాకా ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాడు. అయిదు నిమిషాల నలభై సెకన్లు. ఆ సేపంతా టాస్క్ మేనేజర్ తెరిచి ఉంచితే ప్రాసెసర్ తీరిగ్గా ఉంది, 'Disk' అన్న గడి మాత్రం 100% దగ్గరే మేకు కొట్టినట్టు ఉండిపోయింది. హార్డ్ డిస్కులో పళ్లెం తిరుగుతూ ఉంటుంది, దాని మీద ఒక ముల్లు అటూ ఇటూ జరుగుతూ చదువుతుంది. పెద్ద ఫైలు వరుసగా చదవమంటే ఫరవాలేదు. విండోస్ లేచేటప్పుడూ గేమ్ తెరిచేటప్పుడూ కావలసినవి వేల చిన్న ముక్కలు, అవి తలా ఒక చోట ఉంటాయి. ముల్లు సెకనుకు నూరు చోట్లు తిరిగితే అదే ఎక్కువ. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు కాబట్టి అదే సెకనులో వేల చోట్ల నుంచి తెచ్చిపెడుతుంది. స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన ఎస్‌ఎస్‌డీ పెట్టి మళ్లీ స్టాప్‌వాచ్ నొక్కితే ఒక నిమిషం అయిదు సెకన్లు.

మెషీన్ ఖాళీ అయిన ప్రతిసారీ కౌంటర్ కుర్రాడు రీస్టార్ట్ కొడతాడు, ముందువాడి లాగిన్లు మిగిలిపోకుండా. అంటే ఆ నాలుగున్నర నిమిషాలు ప్రతి కస్టమర్ దగ్గరా పోతున్నాయి. వాళ్లు ఊరుకోరు, "అన్నా, నా టైమ్ ఇప్పటిసంది లెక్కవెట్టు" అంటారు. పెట్టక తప్పదు. మెషీన్‌కు రోజుకు ఎనిమిది మంది, పది మెషీన్లు, ఒక్కొక్కరికి నాలుగున్నర నిమిషాలు: రోజుకు 360 నిమిషాలు, ఆరు గంటలు, మూడు వందల రూపాయలు. మధ్యాహ్నం ఎలాగూ కుర్చీలు ఖాళీగానే ఉంటాయి కాబట్టి ఆ ఆరు గంటలూ అమ్ముడుపోయేవి కావని యజమానికి తెలుసు. నిజాయితీగా సగానికి కోసి నెలకు నాలుగున్నర వేలుగా వేసుకున్నాడు. అరవై వేలలో సగానికి పైగా మింగే పది ఎస్‌ఎస్‌డీల ఖర్చు ఏడెనిమిది నెలల్లో తీరుతుందని తేల్చాడు. గ్రాఫిక్ కార్డుకు ఇలాంటి లెక్క ఆయన వేయలేకపోయాడు. వేయడానికి నోటుబుక్కులో ఆధారం లేదు.

తర్వాత ఏ ఎస్‌ఎస్‌డీ అన్న ప్రశ్న. డీలర్ కచ్చితంగా మదర్‌బోర్డుకే అతుక్కునే సన్నటి ఎన్‌వీఎంఈ రకం అంటగడతాడని ఊహించి యజమాని ముందే కంచె కట్టాడు. హెచ్310 చిప్‌సెట్‌లో దారులు పాత తరానివి. కొత్త ఎన్‌వీఎంఈ డబ్బా మీద రాసిన వేగంలో చిన్న వాటా తప్ప అక్కడ దక్కదు. కాబట్టి పాత హార్డ్ డిస్కులాగే వైరుతో తగిలించే రెండున్నర అంగుళాల సాటా రకమే చాలు. 240 జీబీ వద్దు, జీటీఏ 5 ఒక్కటే నూరు జీబీ దాటుతుంది. 480 గానీ 512 గానీ కావాలి. లోపల టీఎల్‌సీ చిప్పులున్నవే ఇవ్వాలి. చౌకగా దొరికే క్యూఎల్‌సీ రకంలో మొదట కొన్ని జీబీలు వేగంగా ఎక్కి, ఆ తాత్కాలిక జాగా నిండగానే రాయడం నత్తనడక పడుతుంది. ఇంటివాడికి అది తెలియకపోవచ్చు. పెద్ద అప్‌డేట్లు దించుకుంటూనే ఉండే కేఫ్‌వాడికి తెలుస్తుంది.

"ఇంకోటి అన్నా, పది సాటా కేబుళ్లు కూడా ఎయ్యి. ఎస్‌ఎస్‌డీ డబ్బాల కేబులు రాదు. పోయినసారి రెండు మెషీన్లు కేబుళ్లు లేక మూడు రోజులు ఖాళీగ కూసున్నయ్."

ఎస్‌ఎస్‌డీ పెట్టే రోజునే విండోస్ 11 కూడా ఎక్కించేద్దామని యజమాని ఆలోచన. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆపేసింది. ఐ5-9400ఎఫ్ తొమ్మిదో తరానిది కాబట్టి విండోస్ 11కు అర్హత ఉంది, ఎనిమిదో తరం నుంచీ తీసుకుంటారు. ఎలాగూ కొత్త డిస్కులో కొత్తగా వేయాలి, రెండు పనులు ఒక్క విప్పడంలో అయిపోతాయి. అయితే వేసేటప్పుడు పాత హార్డ్ డిస్కు వైరు పీకి పక్కన పెట్టాలి. లేకపోతే మెషీన్‌ను లేపే చిన్న భాగాన్ని విండోస్ పాత డిస్కులోనే దాచిపెట్టే ప్రమాదం ఉంది. ఏడాది తర్వాత ఆ హార్డ్ డిస్కు పోయిన రోజున ఎస్‌ఎస్‌డీ భేషుగ్గా ఉన్నా మెషీన్ లేవదు, కారణం ఎవరికీ అంతుపట్టదు. విండోస్ ఎక్కాక వైరు మళ్లీ తగిలిస్తే పాత డిస్కు అరుదుగా ఆడే గేములకు గోదాముగా పనికొస్తుంది.

ఉత్తరంలో అన్నిటికన్నా చౌక వస్తువు రెండో పేజీలో ఉంది. బొత్తాంలా గుండ్రంగా ఉండే సీఆర్2032 బ్యాటరీలు, పది. డీలర్ నవ్వుకుంటాడని తెలిసే కాబోలు, దాని మీద యజమాని ఏకంగా అర పేజీ రాశాడు.

వాలరెంట్‌తో పాటు వాన్‌గార్డ్ అనే కాపలా సాఫ్ట్‌వేర్ వస్తుంది, మోసం చేసి ఆడేవాళ్లను పట్టడానికి. విండోస్ 11 మీద అది టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు సెట్టింగులూ ఆన్‌లో ఉండాలంటుంది. లేకపోతే VAN9001 అన్న ఎర్రర్ చూపించి గేమ్‌ను ఆపేస్తుంది. ఈ మదర్‌బోర్డుల్లో విడిగా టీపీఎం చిప్పు కొననక్కర్లేదు, బయోస్‌లోకి వెళ్లి Intel PTT అన్నదాన్ని ఆన్ చేస్తే చాలు. ఆరో నంబరులో యజమాని చేశాడు, గేమ్ ఆడింది. మర్నాడు పొద్దున షట్టర్ తీసి చూస్తే మళ్లీ VAN9001. మళ్లీ ఆన్ చేశాడు. ఆ మర్నాడూ అదే కథ. మూడో రోజు తెర మీద గడియారం చూసుకుంటే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంది. అప్పుడు తట్టింది. రాత్రి కేఫ్ మూసేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేస్తాడు. కరెంటు లేనప్పుడు బయోస్ సెట్టింగులనూ గడియారాన్నీ నిలబెట్టేది ఆ బొత్తాం బ్యాటరీ. ఏళ్ల తరబడి ప్రతి రాత్రీ దాని మీదే బతికి అది చచ్చిపోయింది. బోర్డు తెల్లారేసరికి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు సెట్టింగులకు వెళ్లిపోతోంది, అందులో పీటీటీ ఆఫ్. బ్యాటరీ మార్చాక ఎర్రర్ మళ్లీ రాలేదు. మిగతా తొమ్మిదీ అదే వయసువి. కొత్త విండోస్ ఎక్కించాక ఒక్కొక్కటీ ఇలా మొరాయిస్తే రోజూ పొద్దున పది బయోస్‌లు తెరుచుకుంటూ కూర్చోవాలి.

అన్నీ సరిగా కూర్చున్నాయో లేదో చూసుకోవడానికి స్టార్ట్ దగ్గర ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి కొడితే సరిపోతుంది. మొదటిది టీపీఎం ఉందో లేదో చెబుతుంది, రెండోదాంట్లో 'Secure Boot State' ఎదురుగా 'On' అని ఉండాలి.

```
tpm.msc
msinfo32
```

'మ్యాచ్ మధ్యల అతుక్కపోవుడు' సంగతి ర్యామ్‌ది. పది మెషీన్లలోనూ రెండు గాళ్లున్న బోర్డుకు ఒకే కడ్డీ ఉంది. ఇందులో రెండు నష్టాలున్నాయి. ఎనిమిది జీబీలో విండోస్, గేమ్, డిస్కార్డ్, పక్కన పాటలకు తెరిచిన బ్రౌజరు ఇరుక్కోవాలి. పట్టనిది డిస్కు మీదికి జారుతుంది, గేమ్ దాన్ని వెనక్కి అడిగిన క్షణాన తెర ఆగుతుంది. ఇది అందరికీ తెలిసిందే. రెండోది అంతగా తెలియదు. ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య రెండు దారులున్నాయి, ఒక్క కడ్డీ పెడితే ఒక్క దారే నడుస్తుంది. 2666 వేగం కడ్డీకి ఒక్కో దారి సెకనుకు సుమారు 21 జీబీ మోస్తుంది, రెండో గాట్లో జత కడ్డీ పెడితే అది రెట్టింపవుతుంది. అందుకే పదహారు జీబీ కడ్డీ ఒక్కటి పెట్టడం కన్నా ఎనిమిది పక్కన ఎనిమిది పెట్టడం మేలు, పాతది పారేసే పనీ ఉండదు.

ఆరో నంబరులో రెండో కడ్డీ పెట్టి చూస్తే సగటు ఫ్రేములు పెరిగిన మాట నిజమే గానీ కొట్టొచ్చినట్టు కాదు. యజమాని చూసింది సగటును కాదు. సెకనుకు నూట యాభై ఫ్రేములు నడుస్తున్నా తుపాకీ పేలిన అర క్షణంలో అది అరవైకి పడితే ఆడేవాడికి గుర్తుండేది ఆ అరవయ్యే. ఆ పాతాళం పైకి లేచింది. ముందు అరవై దగ్గర తచ్చాడేది ఇప్పుడు నూరు దగ్గర నిలబడుతోంది. ఆడి చూసిన కుర్రాడికి ఈ అంకెలేవీ చెప్పలేదు. "గ్రాఫిక్ కార్డు మార్చినవా అన్నా?" అని అడిగాడట. ఆ మాటను యజమాని ఉత్తరంలో అక్షరం మార్చకుండా దించి, కింద గీత కొట్టాడు.

కానీ ర్యామ్ ఇప్పుడు చౌక సరుకు కాదు. ఒకప్పుడు డీడీఆర్4 కడ్డీ అంటే చిల్లర ఖర్చు. పెద్ద కంపెనీలు ఆ పాత రకం తయారీ తగ్గించుకుంటూ రావడం, డేటా సెంటర్లు మెమరీని టోకున ఎత్తుకుపోవడం తోడై 2025 ద్వితీయార్ధంలో ధరలు ఎగబాకాయి. అందుకే యజమాని పదికి ఆశపడలేదు, ఆరు అడిగాడు. కౌంటర్‌కు దగ్గరున్న ఒకటి నుంచి నాలుగు నంబర్లు ఎనిమిది జీబీతోనే ఉంటాయి. ఎంసెట్ కౌన్సెలింగ్ సీజన్లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునేవాళ్లు, హాల్ టికెట్లు ప్రింటు తీసుకునేవాళ్లు కూర్చునేది అక్కడే. (పరీక్ష పేరు ఈఏపీసెట్ అయినా వచ్చే తల్లిదండ్రులు ఎంసెట్ అనే అంటారు.) వాళ్లకు ఎస్‌ఎస్‌డీ ఒక్కటి చాలు.

వేగం విషయంలో కూడా ఒక మెలిక పెట్టాడు. ఈ బోర్డు 2666 దాటి నడపదు. 3200 కడ్డీ పెట్టినా 2666కే దిగి నడుస్తుంది. "3200ది తక్కువకొస్తే అదే ఇయ్యి, ఎక్కువైతే వద్దు. దానికి ఎక్స్‌ట్రా పైసలు నేనియ్య."

వేడి గురించి ఉత్తరం క్లుప్తంగా ముగించింది, ఎందుకంటే అక్కడ కొనేది పెద్దగా లేదు. అయిదు, ఏడు నంబర్లు ఆట మొదట్లో బాగానే ఉండి అరగంటకు మందగిస్తున్నాయి. ఈ ప్రాసెసర్ నూరు డిగ్రీల దగ్గరికి చేరితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. విప్పి చూస్తే రోడ్డు వైపు కిటికీల దుమ్ము కూలర్ రెక్కల మధ్య నమదా గుడ్డలా పేరుకుని ఉంది, కింద పేస్టు ఎండి పెంకులుగా రాలుతోంది. ఊది, తుడిచి, కందిగింజంత కొత్త పేస్టు పెడితే ఏడో నంబరు డెబ్బై అయిదు దగ్గర ఆగింది. అయిదో నంబరు మాత్రం ఏం చేసినా దిగలేదు. చివరికి తేలిందేమంటే కూలర్‌ను బోర్డుకు పట్టి ఉంచే నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి పూర్తిగా దిగలేదు, ఒక మూల వెంట్రుకవాసి లేచి ఉంది. వెనక నుంచి చూసి నొక్కితే 'టక్'మంది. కాబట్టి పది కూలర్లు వద్దు, పది మెషీన్లకూ సరిపోయే పేస్టు ట్యూబు ఒకటి చాలు.

ఎనిమిదో నంబరు దానంతట అదే ఆగిపోవడం వేరే జబ్బు. దాని ఎస్‌ఎంపీఎస్ తీసి మూడో నంబరుకు పెడితే రోగమూ దానితోనే వెళ్లింది. ఎస్‌ఎంపీఎస్ ఒకటి.

చివరి వస్తువు నెట్‌వర్క్ స్విచ్. గదిలో ఉన్నవి ఎనిమిది పోర్టులవి రెండు, రెండూ 100 ఎంబీపీఎస్‌వి. పైకి సరిపోయినట్టే ఉంటుంది, నెట్ కనెక్షన్ కూడా అంతే కదా అనిపిస్తుంది. తంటా అప్‌డేట్ వచ్చిన రోజున. నలభై జీబీ గేమ్‌ను పది మెషీన్లూ బయటి నుంచే దించుకుంటే పది గంటలకు దగ్గర పడుతుంది, ఆ మధ్య ఆడేవాళ్ల పింగ్ ఆకాశానికి పోతుంది. ఆవిరికి, అంటే స్టీమ్‌కు, 2023లో ఒక మంచి సదుపాయం వచ్చింది. ఒక మెషీన్లో గేమ్ ఉంటే మిగతావి దాన్ని గదిలోంచే కాపీ చేసుకుంటాయి, సెట్టింగుల్లో అనుమతిస్తే చాలు. కానీ పాత స్విచ్ మీద ఆ నలభై జీబీ ఒక్కో మెషీన్‌కు చేరడానికి గంట పడుతుంది. గిగాబిట్ స్విచ్ అయితే ఆరేడు నిమిషాలు. అందుకని పదహారు పోర్టుల గిగాబిట్ స్విచ్ ఒకటి రాశాడు. దాంతోపాటు కేబుల్ కొసలకు కొట్టే ఆర్‌జే45 పిన్నులు కొన్ని. తొమ్మిదో నంబరు కేబుల్‌ను ఎవరో ఎనిమిది తీగలకు బదులు నాలుగే బిగించి వదిలేశారు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి, లేకపోతే కొత్త స్విచ్ పెట్టినా ఆ ఒక్కటీ 100 దగ్గరే ఆగిపోతుంది.

ఉత్తరం చివర షరతులు. బిల్లు మీద ప్రతి ఎస్‌ఎస్‌డీ మోడల్, సీరియల్ నంబరు ఉండాలి. 'ఎస్‌ఎస్‌డీ 512 - 10 నగలు' అని రాస్తే కుదరదు. ముందు ఒక్క సెట్టు పంపాలి. దాన్ని పెట్టి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో 'Power On Hours' చూస్తాడు. అక్కడ సున్నాకు దగ్గర అంకె కాకుండా వేలల్లో కనిపిస్తే అది పాత సరుకుకు కొత్త స్టిక్కరు. నూరు జీబీ ఫైలు కాపీ చేసి మధ్యలో వేగం ఎక్కడ కూలుతుందో కూడా చూస్తాడు. నచ్చితే మిగతా తొమ్మిదికి ఆ సాయంత్రమే డబ్బు పంపుతాడు.

డీలర్ రెండు రోజులకు ఫోన్ చేశాడు. ఎస్‌ఎస్‌డీలకు సరేనన్నాడు, కాకపోతే టీఎల్‌సీదే కావాలంటే కొంచెం ఎక్కువవుతుందన్నాడు. ర్యామ్ ధర సాయంత్రం దాకే, రేపటికి మాట లేదన్నాడు. శాంపిల్ సెట్టు వచ్చి, పరీక్షలన్నీ దాటి, డబ్బు పంపేసరికి ఆ 'రేపు' దాటి నాలుగు రోజులైంది. ఆర్టీసీ కార్గోలో పార్శిల్ దిగినప్పుడు అందులో ర్యామ్ కడ్డీలు ఆరు కాదు, అయిదే ఉన్నాయి. అదే డబ్బుకు అంతే వచ్చాయని బిల్లు వెనక రాసి ఉంది. పదో నంబరు ప్రస్తుతానికి ఒక్క కడ్డీతోనే నడుస్తోంది, కుర్రాడు దాన్ని అందరికన్నా చివర ఇస్తున్నాడు. బ్యాటరీలు మాత్రం పది అడిగితే ఇరవై పంపాడు. వాటికి డబ్బు వేయలేదు.